బొమ్మ చూపనిదే మాట చెప్పాలి
బడిపిల్లల యానిమేషన్ పాఠాలకు వ్యాఖ్యానం, సంభాషణ రాయడంపై ఒక సమీక్ష

తెర మీద పాఠం చెప్పడం తెలుగు పిల్లలకు కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల పల్లెలకు ప్రసారాలు పంపిన ‘సైట్’ ప్రయోగంలోనే తెలుగు కార్యక్రమాలు ఉన్నాయి, వాటిలో బడిపిల్లల కోసం చేసినవీ ఉన్నాయి. 2020లో కరోనావల్ల బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరి పాఠాలు ప్రసారం చేసింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి వీడియో పాఠాలున్న ట్యాబులు వచ్చాయి. ఆ తర్వాత ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లో పెద్ద డిజిటల్ తెరలు వెలిశాయి. ఉమ్మడి విశాఖ జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిన చోడవరంలాంటి ఊళ్లలోనూ ఇప్పుడు తెరకు కొరత లేదు. కొరతంతా ఆ తెర మీది బొమ్మకు తోడు వచ్చే మాటలోనే ఉంది. బొమ్మ గీసేవాళ్లకు, రంగులద్దేవాళ్లకు ఇచ్చిన సమయంలో పదోవంతైనా మాట రాసేవాళ్లకు ఇవ్వకపోతే ఏం పోతుంది? ఆ నష్టం ఎక్కడ కనిపిస్తుంది? దీనిపై జరిగిన పరిశోధనలు ఏం చెబుతున్నాయి, వాటిలో తెలుగుకు ఎంతవరకు పనికొస్తుంది? ఈ వ్యాసం జవాబులు వెతికేది ఈ ప్రశ్నలకే.

పరిశోధనల్లో బలంగా నిలిచిన సంగతితో మొదలుపెడదాం. అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్, రిచర్డ్ ఆండర్సన్‌తో కలిసి 1991లో సైకిల్ పంపు ఎలా పనిచేస్తుందో చూపే చిన్న యానిమేషన్‌తో ప్రయోగాలు చేశారు. కొందరికి బొమ్మ కదులుతుండగానే వివరణ వినిపించారు. కొందరికి ముందు వివరణ వినిపించి, తర్వాత బొమ్మ చూపించారు. మాటలూ అవే, బొమ్మా అదే. కానీ ‘పిడి నొక్కినా గాలి రావడం లేదు, కారణం ఏమై ఉంటుంది’ వంటి ఆలోచించాల్సిన ప్రశ్నలకు రెండూ కలిసి అందినవాళ్లే మెరుగైన జవాబులు చెప్పారు. మాట, దానికి సంబంధించిన బొమ్మ ఒకే క్షణంలో మనసులో ఉంటేనే పిల్లవాడు ఆ రెంటినీ ముడివేయగలడు. మధ్యలో ఎడం పెరిగితే ముడి పడదు. మేయర్ బృందం 2001లో మెరుపు ఎలా పుడుతుందో చెప్పే యానిమేషన్‌తో మరో సంగతి తేల్చింది. వినిపిస్తున్న వ్యాఖ్యానాన్నే తెర అడుగున అక్షరాల్లోనూ చూపితే నేర్చుకోవడం తగ్గింది. కళ్లు ఒకేసారి బొమ్మనూ చూస్తూ అక్షరాలనూ చదవలేవు కదా. సంబంధం లేని ఆసక్తికరమైన దృశ్యాలు చేర్చినా అదే జరిగింది.

ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. కదిలే బొమ్మ కాబట్టి బాగా అర్థమవుతుందనుకోవడం పొరపాటు. బార్బరా ట్వెర్స్కీ, ఆమె సహచరులు 2002లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, కదలని మంచి బొమ్మల కంటే యానిమేషన్ మెరుగని చెప్పడానికి గట్టి ఆధారం కనిపించడం లేదని రాశారు. కారణం తేలికగానే పట్టుబడుతుంది. కదిలే బొమ్మలో ఒకేసారి పది చోట్ల ఏదో ఒకటి జరుగుతుంది. ఏది చూడాలో తెలిసినవాడికే అది పాఠం, తెలియనివాడికి సందడి. కాబట్టి వ్యాఖ్యానం చేయాల్సిన మొదటి పని వర్ణించడం కాదు, చూపు నిలపడం. రెండో పని కారణం చెప్పడం. కారణాన్ని బొమ్మ ఎప్పటికీ గీయలేదు. ఒకటి జరిగాక ఇంకొకటి జరిగిందని చూపగలదు తప్ప, మొదటిదానివల్లే రెండోది జరిగిందని చెప్పలేదు. ‘అందుకే’, ‘లేకపోతే’, ‘అయినా’ అనే మాటలు గొంతు నుంచే రావాలి. కనిపించేదాన్ని బొమ్మకు వదిలి, కనిపించనిదాన్ని మాట మోయాలన్నది ఈ వ్యాసం పట్టుకున్న సూత్రం.

సూత్రం చెప్పడం సులువు, పాటించడం దగ్గరే చిక్కు వస్తుంది. అందుకని ఒక పాఠాన్ని దగ్గరగా చూద్దాం. చోడవరం చుట్టుపక్కల చెరకు తోటలు, పక్కనే గోవాడ సహకార చక్కెర కర్మాగారం, కాస్త దూరంలో అనకాపల్లి బెల్లం మార్కెట్ ఉన్నాయి కాబట్టి ‘చెరకు రసం బెల్లం ఎలా అవుతుంది’ అనే పాఠాన్నే తీసుకుందాం. మరగడం, ఆవిరవడం, ద్రావణం చిక్కబడడం అన్నీ ఇందులో ఉన్నాయి. మామూలుగా రాసే పద్ధతిలో మొదటి చిత్తుప్రతి ఇలా ఉంటుంది: ‘చెరకు రసాన్ని ఒక పెద్ద పెనంలో పోసి, పిప్పితో మండే పొయ్యి మీద వేడి చేయగా, అందులోని నీరు బాష్పీభవనం చెంది పైకి పోవడంవల్ల రసం క్రమంగా చిక్కబడి పాకంగా మారుతుంది.’ తప్పు లేని వాక్యమే. కాగితం మీద చదువుకోవడానికి బాగానే ఉంటుంది. తెర మీద మాత్రం ఇది మూడు విధాలుగా దెబ్బతింటుంది.

మొదటిది, సగం వాక్యం కనిపిస్తున్నదాన్నే చెబుతోంది. పెనం కనిపిస్తోంది, పొయ్యి కనిపిస్తోంది, రసం పోయడం కనిపిస్తోంది. చోడవరం పిల్లవాడికి పిప్పి మంట సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండోది, పిల్లవాడికి తెలియని అసలు సంగతిని ఈ వాక్యం దాటవేసింది. నీరు పోతే పోయింది, తీపి ఎందుకు పోలేదు? ఆ ప్రశ్నే ఇక్కడ పాఠం. మూడోది, తెలుగులో రాసేవాళ్లు అందరికంటే ఎక్కువగా పట్టించుకోవాల్సింది: క్రియ వాక్యం చివర ఉంది. ‘మారుతుంది’ అనే మాట వినిపించేదాకా ఏం జరిగిందో చెవికి తెలియదు. ఇంగ్లీషులో కర్త తర్వాత వెంటనే క్రియ వస్తుంది కాబట్టి బొమ్మలో పని మొదలైన క్షణానికే మాట అందుతుంది. తెలుగులో రసం, పెనం, పొయ్యి, నీరు అన్నీ వినిపించాక, ఎప్పటికో పని వినిపిస్తుంది. ఇంగ్లీషు వ్యాఖ్యానానికి కత్తిరించిన బొమ్మకు తర్వాత తెలుగు గొంతు పెడితే, ‘చిక్కబడుతుంది’ అనే సమయానికి తెర మీద పాకాన్ని అచ్చుల్లో పోసేస్తుంటారు. సైకిల్ పంపు ప్రయోగం హెచ్చరించిన ఎడం వాక్య నిర్మాణం లోనుంచే వచ్చి కూర్చుంటుంది.

దీనికి మందు రెండు చోట్ల ఉంది. వాక్యాన్ని విరిచి ఒక పనికి ఒక క్రియ పెట్టడం ఒకటి. బొమ్మను ఆ క్రియ వచ్చేదాకా ఆపడం రెండోది. పై వాక్యాన్ని ఇలా తిరగరాయవచ్చు: ‘రసం మరుగుతోంది. మట్టం చూడండి, తగ్గుతోంది. పోతున్నది నీరే. తీపి పెనంలోనే ఉండిపోతోంది. అందుకే పాకం చిక్కబడింది.’ వాక్యాలు చిన్నవైనందుకు పాఠం పలచనవలేదు. ‘మట్టం చూడండి’ అన్నప్పుడు పెనం అంచున మొదటి మట్టం ఒక గీతగా నిలిచి, రసం దానికంటే కిందికి దిగుతుంది. ‘పోతున్నది నీరే’ అన్నప్పుడు నీటి కణాలు మాత్రమే పైకి లేస్తాయి. ‘ఉండిపోతోంది’ అన్నప్పుడు చక్కెర కణాలు రసంలోనే దగ్గరదగ్గరగా చేరతాయి. నామవాచకం వినపడగానే వస్తువు వెలగాలి, క్రియ వినపడగానే అది కదలాలి. తెలుగు వ్యాఖ్యానానికి బొమ్మ కదలిక కుదర్చడంలో ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు. ‘బాష్పీభవనం’ అనే మాటను వదిలేయమని కాదు. ముందు పని కనిపించాలి, అర్థం కావాలి. ఆ తర్వాత ‘ఇలా ద్రవం ఆవిరిగా మారడమే బాష్పీభవనం’ అని పేరు పెట్టి, ఆ ఒక్క పదాన్ని తెర మీద రాయాలి. పరీక్షలో రాయాల్సిన పదం కాబట్టి అక్షరాల్లో కనిపించడం అవసరం. ఒక్క పదమే కాబట్టి కంటికి బరువు కాదు.

రాసే క్రమం కూడా ఈ సూత్రం నుంచే వస్తుంది. కాగితాన్ని రెండు నిలువు గళ్లుగా విభజించి, ఎడమ గడిలో దృశ్యం, కుడి గడిలో మాట రాస్తారు. చాలామంది కుడి గడి నింపేసి, దానికి తగ్గ బొమ్మలు ఎడమవైపు రాసుకుంటారు. అలా చేసినప్పుడు వ్యాఖ్యానం దానంతటది నిలబడే రేడియో ప్రసంగమైపోతుంది, బొమ్మ దానికి అలంకారంగా మిగులుతుంది. ముందు ఎడమ గడి పూర్తి చేయాలి. తర్వాత అందులో పిల్లవాడికి బోధపడనిది ఏమిటో ఒక్కొక్క దృశ్యానికీ అడిగి, దానికే కుడివైపు మాట రాయాలి. కొన్ని గళ్లు ఖాళీగా ఉంటే ఖాళీగానే వదలాలి. తెట్టు తీస్తున్నప్పుడు నాలుగు క్షణాలు మౌనంగా ఉంటే పిల్లవాడు దాన్ని నిజంగా చూస్తాడు. నిడివిని మాటల లెక్కతో కొలవకూడదు. ఇంగ్లీషు రచయితలు నిమిషానికి ఇన్ని మాటలని లెక్కవేసుకుంటారు. ‘చిక్కబడిపోయాక’ అనే ఒక్క తెలుగు మాట వాళ్ల నాలుగైదు మాటల పెట్టు కాబట్టి ఆ లెక్క మనకు నప్పదు. గడియారం పెట్టుకుని పైకి చదవడమే కొలత. రాసిన మనిషే తాత్కాలికంగా గొంతు రికార్డు చేసి, పెన్సిల్ బొమ్మలతో కలిపి చూడాలి. అప్పుడు బయటపడే తప్పును దిద్దడానికి ఒక పూట చాలు. రంగులద్దాక బయటపడితే మళ్లీ మొదటికొస్తుంది.

వ్యాఖ్యానం సంగతి ఇది. ఇక సంభాషణ. రెండు పాత్రలను పెట్టి మాట్లాడిస్తే పాఠం సరదాగా ఉంటుందని చాలామంది నమ్మకం. సరదా కోసమే అయితే అది మెరుపు పాఠంలో చేర్చిన సంబంధం లేని దృశ్యాల వంటిదే, తీసేయడం మేలు. సంభాషణకు అంతకంటే గట్టి ఉపయోగం ఒకటుంది. పిల్లల మనసులో ముందే ఉన్న తప్పు ఊహను అది తెర మీదికి తీసుకురాగలదు. డెరెక్ ముల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో న్యూటన్ నియమాల పాఠాన్ని కొందరు విద్యార్థులకు నేరుగా, స్పష్టంగా వివరించారు. మరికొందరికి తప్పు ఊహతో మొదలై చర్చతో సరిదిద్దుకునే సంభాషణగా చూపించారు. 2008లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, తప్పు ఊహను ముందుకు తెచ్చిన వీడియో చూసినవాళ్లు ఎక్కువ నేర్చుకున్నారు, ఎక్కువ కష్టపడి ఆలోచించామనీ చెప్పారు. స్పష్టమైన వివరణ విన్నవాళ్లలో చాలామందికి తమకు తెలిసిందే విన్నట్టు అనిపించి, పాత ఊహ చెదరలేదు. మిషెలిన్ చీ బృందం చేసిన అధ్యయనాలు కూడా ఒక్కరే చెప్పే వీడియో కంటే, గురువూ విద్యార్థీ మాట్లాడుకునే వీడియో చూసినవాళ్లకు ఎక్కువ వంటబడుతుందని చూపాయి.

మరగడం గురించి పిల్లల్లో గట్టిగా నాటుకున్న ఒక తప్పు ఊహ ఉంది. న్యూజిలాండ్‌లో ఆస్బోర్న్, కాస్గ్రోవ్ 1983లో ప్రచురించిన అధ్యయనంలో మరుగుతున్న నీటి బుడగల్లో ఏముందని అడిగితే, ఎందరో పిల్లలు గాలి అనో, వేడి అనో, ఆక్సిజన్, హైడ్రోజన్ అనో చెప్పారు. మన బెల్లం పెనం మీదికి ఈ ఊహనే తెద్దాం. అన్న, చెల్లి పెనం పక్కన నిలబడ్డారు. అన్న: ‘రసం నిండా బుడగలే. అంతా గాలే.’ చెల్లి: ‘గాలయితే ఇంతసేపు మరిగినా అయిపోదేటి, అన్నియ్యా?’ ఇక్కడ ఇద్దరూ మాట్లాడరు. బుడగలు వస్తూనే ఉంటాయి, మట్టం గీత కిందికి దిగుతూనే ఉంటుంది. అన్న: ‘రసం తగ్గిపోతోంది.’ చెల్లి: ‘మరి తగ్గింది ఎటెళ్లినట్టు?’ ఒక బుడగ పెద్దదవుతుంది, లోపల అక్కడక్కడ ఎగురుతున్న నీటి కణాలు కనిపిస్తాయి. అప్పుడు వ్యాఖ్యాత: ‘బుడగలో ఉన్నది నీరే. ఆవిరైన నీరు.’ ఈ ఐదారు మాటల్లో ఎవరూ ఎవరికీ పాఠం చెప్పలేదు. సాక్ష్యం బొమ్మ ఇచ్చింది, ప్రశ్న చెల్లి వేసింది, తప్పును అన్నే గమనించాడు. వ్యాఖ్యాత చివర్లో ఒక్కసారి మాత్రం తేల్చి చెప్పాడు. పాఠ్యపుస్తక వాక్యాన్ని రెండు ముక్కలు చేసి రెండు పాత్రల నోట పెట్టడం సంభాషణ కాదు. ‘అవును అన్నా, నీవు చెప్పినది నిజమే, ఇంకా వివరించు’ వంటి మాట ఎక్కడైనా కనిపిస్తే ఆ పాత్రకు అక్కడ పని లేదనే గుర్తు.

బొమ్మ గీసేవాళ్లతో రచయిత తప్పనిసరిగా తేల్చుకోవాల్సినవి ఇందులో రెండున్నాయి. రసం అప్పుడప్పుడే వేడెక్కుతున్నప్పుడు వచ్చే చిన్నచిన్న బుడగల్లో నిజంగానే కరిగి ఉన్న గాలి ఉంటుంది. అన్న ఊహకు ఆ మేరకు ఆధారం ఉంది. కాబట్టి ఈ దృశ్యం రసం పూర్తిగా తెర్లుతున్న దశలోనే రావాలి, లేకపోతే పాఠమే తప్పవుతుంది. రెండోది, నీటి ఆవిరి కంటికి కనపడదు. పెనం మీద తెల్లగా లేచేది చల్లబడి తిరిగి బిందువులైన నీరు. బుడగ లోపల తెల్లటి పొగ గీస్తే, మాట ఎంత సరిగ్గా ఉన్నా పిల్లవాడు కంటినే నమ్ముతాడు. చివరి దశలోనూ ఇలాంటి సంగతే ఉంది. నీరు తగ్గేకొద్దీ పాకం మరిగే వేడి పెరుగుతూ, బెల్లానికి దించే సమయానికి దాదాపు 118 డిగ్రీలకు చేరుతుంది. ఆ అంకెలను వ్యాఖ్యాత చదవనక్కర్లేదు, ఉష్ణమాపిని చూపిస్తే సరిపోతుంది. ‘నీరు తగ్గిన కొద్దీ మరగడానికి ఇంకా వేడి కావాలి’ అన్నది మాత్రం చెప్పాలి. పాకం బొట్టును చన్నీళ్లలో వేసి ఉండ కట్టిందో లేదో చూసే పద్ధతి కూడా ఆ వేడినే మరోలా కొలవడమని ఒక్క వాక్యం కలిపితే, పిల్లవాడు రోజూ చూసే పని శాస్త్రంలో చోటు సంపాదించుకుంటుంది.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. మొదటిది: కనిపించేదే మళ్లీ చెబితే నెమ్మదిగా నేర్చుకునే పిల్లలకు మేలు కదా? మళ్లీ చెప్పడం మంచిదే, కానీ ఒకే క్షణంలో కాదు. కాసేపాగి, బొమ్మను నిలిపి, ‘ఇప్పటిదాకా ఏం పోయింది, ఏం మిగిలింది?’ అని అడిగితే అది పునశ్చరణ. బొమ్మ చూపుతుండగానే దాన్నే వర్ణిస్తూ పోతే, కారణం చెప్పాల్సిన సమయాన్ని ఆ వర్ణన తినేస్తుంది. చూపు లేని పిల్లలకు మాత్రం వర్ణన కావాల్సిందే. దాన్ని వేరే శ్రవణ పాఠంగా రాసి ఇవ్వడం న్యాయం. ఒకే వ్యాఖ్యానంతో రెండు అవసరాలూ తీర్చబోతే ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది.

రెండో అభ్యంతరం అక్షరాల గురించి. బ్రిజ్ కొఠారి మొదలుపెట్టిన ప్రయత్నంలో సినిమా పాటల కింద అదే భాషలో సాహిత్యం వేస్తే ప్రేక్షకుల చదివే నైపుణ్యం పెరుగుతుందని మన దేశంలోనే తేలింది కదా, మరి వ్యాఖ్యానాన్ని అక్షరాల్లో చూపవద్దనడం ఏమిటి? ఈ రెంటికీ వైరుధ్యం లేదు. పాటలో పదాలు ముందే నోటికి వచ్చి ఉంటాయి, అక్కడ నేర్చుకోవాల్సింది చదవడమే. పాఠంలో నేర్చుకోవాల్సింది బొమ్మలో ఉంటుంది. పైగా వినికిడి లోపం ఉన్న పిల్లలకు, ఫ్యాన్ల చప్పుడులో మాట వినపడని వెనుక బెంచీలకు, ఇంగ్లీషు మాధ్యమంలో కొత్తగా చదువుతున్నవాళ్లకు అక్షరాలు ఆసరా అవుతాయి. పరభాషలో వినేవాళ్ల విషయంలో, వ్యాఖ్యానాన్ని అక్షరాల్లో చూపవద్దన్న మేయర్ సూత్రం సడలుతుందని పరిశోధకులే గుర్తించారు. కాబట్టి అక్షరాలను వీడియోలో కలిపేసి ముద్రించకుండా, కావలసినవాళ్లు తెరుచుకునేలా విడిగా ఉంచితే సరిపోతుంది.

మూడోది, తప్పు ఊహను వినిపిస్తే పిల్లలు అదే గుర్తుపెట్టుకోరా అన్న భయం. తప్పు చెప్పి, జవాబు ఆలస్యంగానో అస్పష్టంగానో ఇస్తే అది నిజమవుతుంది. అందుకే తప్పు మాట ఒక్కసారే వినపడాలి, దాన్ని కొట్టేసే సాక్ష్యం వెంటనే కంటికి కనపడాలి, చివరి మాట తేల్చి చెప్పే వాక్యంగా ఉండాలి. నాలుగోది యాస. ‘అయిపోదేటి’ అని రాస్తే కడప పిల్లలకు అర్థమవుతుందా, పరీక్షలో అలా రాసేస్తారేమో అన్నది పెద్దల సందేహం. వ్యాఖ్యానం అందరికీ తెలిసిన వాడుక భాషలో ఉంటుంది, పాత్రలు మాత్రమే వాళ్ల ఊరి మాట మాట్లాడతాయి. బొమ్మ పక్కనే ఉండగా ‘ఏటి’ అర్థం కాని తెలుగు పిల్లవాడు ఉండడు. ఇక్కడ పట్టింపు ఉండాల్సింది వేరే సంగతిపై. మన సినిమాలు ఉత్తరాంధ్ర యాసను ఎక్కువగా హాస్యగాళ్ల నోటనే పలికించాయి. పాఠంలోనూ తప్పు చెప్పే పాత్రకు యాస, సరిదిద్దే పాత్రకు పుస్తక భాష ఇస్తే చోడవరం పిల్లలకు బుడగల సంగతితోపాటు మరో పాఠం కూడా నేర్పినట్టవుతుంది, అది అబద్ధపు పాఠం. పై సంభాషణలో పదునైన ప్రశ్న యాసలో రావడం అందుకే.

పరిశోధనలకు ఉన్న హద్దును కూడా గుర్తుంచుకోవాలి. ఇక్కడ చెప్పిన యానిమేషన్ ప్రయోగాల్లో చాలావరకు ఇంగ్లీషులో, కళాశాల విద్యార్థులపై, కొద్ది నిమిషాల వీడియోలతో, నిశ్శబ్దమైన గదుల్లో జరిగినవి. నలభైమంది ఒకే తెర చూసే ఏడో తరగతికి వాటిని ఉన్నదున్నట్టు అన్వయించలేం. అందుకే ప్రతి పాఠాన్నీ విడుదలకు ముందు పిల్లలతోనే పరీక్షించాలి. శబ్దం ఆపి చూపిస్తే ‘ఏం జరుగుతోంది’ అన్నది వాళ్లు చెప్పగలగాలి, ‘ఎందుకు’ అన్నది చెప్పలేకపోవాలి. శబ్దం లేకుండానే ‘ఎందుకు’ కూడా చెప్పేస్తే వాళ్లకు ముందే తెలిసిన పాఠం అది. బొమ్మ లేకుండా గొంతు ఒక్కటే విని అంతా చెప్పేస్తే ఆ వ్యాఖ్యానం బొమ్మ పని కూడా చేస్తోందన్నమాట, తగ్గించాలి. చివరగా ‘పొయ్యి మీద ఉప్పునీళ్లు మరిగితే ఏం మిగులుతుంది’ వంటి, వీడియోలో లేని ప్రశ్న వేయాలి. దానికి వచ్చే జవాబే అసలు ఫలితం. ‘బాగుందా’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు ఏ ఫలితమూ కాదు.

ఇన్నిటినీ కలిపి చూస్తే తీర్పు స్పష్టంగానే ఉంది. పరభాషలో తయారైన వీడియోకు తెలుగు గొంతు తొడగడం చౌకగా అవుతుంది, కానీ మాటకూ బొమ్మకూ మధ్య ఎడాన్ని అది పుట్టుకతోనే తెచ్చుకుంటుంది. తెలుగు పిల్లల కోసం చేసే యానిమేషన్ పాఠం తెలుగు వాక్యంతోనే మొదలు కావాలి, బొమ్మ దాని క్రియ కోసం ఆగాలి. పాఠాలు తయారు చేయించే ప్రభుత్వ విభాగాలు, సంస్థలు రచయితను చివర్లో అనువాదం కోసం పిలవడం మాని, మొదటి రోజే బొమ్మలు గీసేవాళ్ల పక్కన కూర్చోబెట్టాలి.